నాలుగేళ్లలో డబ్బు తిరిగొస్తుందన్న సోలార్ కొటేషన్‌ను కరెంటు బిల్లుతో సరిచూస్తే

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్నగారి ఇంటి డాబా మీద సోలార్ పెట్టిద్దామని కొటేషన్ తీసుకున్నాను. 5 కిలోవాట్లు, ఖరీదు రూ. 3,25,000, సబ్సిడీ రూ. 78,000 పోగా రూ. 2,47,000. నెలకు 600 యూనిట్లు వస్తాయట. యూనిట్ రూ. 8.75 చొప్పున నెలకు రూ. 5,250, ఏడాదికి రూ. 63,000 మిగులుతుందని, నాలుగేళ్లు తిరక్కుండా పెట్టుబడి వచ్చేస్తుందని, మెయింటెనెన్స్ ఖర్చే ఉండదని అన్నారు. మా వాడకం చలికాలంలో నెలకు 200 యూనిట్లు, వేసవిలో 400, వానాకాలంలో 300 దాకా ఉంటుంది. చుట్టూ కొబ్బరి తోట. లోన్ తీసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఈ లెక్క నమ్మొచ్చా?

జవాబు:

విద్యుత్ పంపిణీ సంస్థలో బిల్లింగ్ వైపు చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యానండి. పాలకొల్లులో మా డాబా మీద 2019 నుంచి 3 కిలోవాట్ల సోలార్ నడుస్తోంది. బంధువులూ ఇరుగుపొరుగూ తెచ్చే కొటేషన్లు కూర్చోబెట్టి సరిచూడటం నాకు అలవాటైపోయింది. మీ విషయంలో ముందే చెప్పేస్తాను: మీ ఇంటికి సోలార్ మంచిదే, 5 కిలోవాట్లు మాత్రం వద్దు. నా లెక్కలో ఆ నాలుగేళ్లు పన్నెండేళ్లకు తేలుతున్నాయి. అదే ఇంటికి 3 కిలోవాట్లు పెడితే సుమారు ఏడేళ్లు. తేడా ఎక్కడ వస్తోందో వరుసగా చెప్తాను. మీరూ కాగితం, పెన్ను తీసుకుని చేసి చూడండి.

మొట్టమొదట చేయాల్సింది నాన్నగారి పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీసి మొత్తం కలపడం. మీరిచ్చిన వాడకాన్ని నాలుగేసి నెలల చొప్పున తీసుకుంటే ఏడాదికి 3,600 యూనిట్లు. దానికి నేను వేసిన బిల్లు ఏడాదికి సుమారు రూ. 22,000. ఇంట్లో ఏడాదంతా కడుతున్నదే ఇరవై రెండు వేలయితే, అందులోంచి అరవై మూడు వేలు మిగలడం ఎలా కుదురుతుంది? బిల్లులో కోత బిల్లును మించి ఉండదు కదా. అంతకు మించి వచ్చేదేదైనా గ్రిడ్‌కు పంపిన మిగులు కరెంటుకు ఇచ్చే డబ్బే. ఆ రేటు వేరు, చాలా తక్కువ. ఏ కొటేషన్ చేతికొచ్చినా నేను మొదట చూసేది ఇదే. సగం కొటేషన్లు ఇక్కడే నిలబడవు.

మీ కొటేషన్‌లో ఉత్పత్తి లెక్క మరీ తప్పేం కాదు. 5 కిలోవాట్లకు నెలకు 600 యూనిట్లంటే కిలోవాటుకు రోజుకు 4 యూనిట్లు. నీడ లేని డాబాకు మన ప్రాంతంలో అది ఆశించదగ్గదే. నేను కాస్త తగ్గించి కిలోవాటుకు ఏడాదికి 1,380 యూనిట్లు వేసుకుంటాను. చలికాలంలో నెలకు 115, మార్చి నుంచి జూన్ దాకా 130, జూలై నుంచి అక్టోబర్ దాకా మబ్బుల వల్ల 100. అసలు తప్పు ఉత్పత్తి అయిన ప్రతి యూనిట్‌నూ రూ. 8.75తో గుణించడంలో ఉంది.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి కనెక్షన్ బిల్లు మెట్లు మెట్లుగా ఉంటుంది. 2025-26 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, ఆపైన 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, 400 దాకా రూ. 8.75, 400 దాటితే రూ. 9.75. ఎంత ఎక్కువ వాడినా మొదటి 30 యూనిట్లకు పడేది రూ. 1.90 చొప్పునే. కాబట్టి వేసవిలో మీరు 400 యూనిట్లు వాడినప్పుడు రూ. 8.75 పడేది చివరి 175 యూనిట్లకే.

వాడకం పెరిగినకొద్దీ మనం మెట్లు ఎక్కుతాం. సోలార్ మనల్ని పై మెట్టు నుంచి కిందికి దింపుకొస్తుంది. పైన తీసేసిన యూనిట్‌కు రూ. 8.75 మిగిలితే, దిగుతూ దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర తీసేసిన యూనిట్‌కు మిగిలేది రూ. 1.90 మాత్రమే. మీ వేసవి బిల్లులో పై 175 యూనిట్ల ఖరీదు రూ. 1,531 అయితే, అడుగున ఉన్న 75 యూనిట్లు మొత్తం కలిపి రూ. 192. చలికాలంలో మీ వాడకం 200 యూనిట్లే కాబట్టి అప్పుడు రూ. 8.75 మెట్టు అసలు ఎక్కడమే లేదు.

అందుకని ఆదాను యూనిట్ రేటుతో గుణించి కట్టకూడదు. సోలార్ లేకుండా ఆ నెల బిల్లు ఎంత, సోలార్ తీసేశాక మిగిలిన యూనిట్లకు బిల్లు ఎంత అని రెండుసార్లు వేసి, తేడా తీసుకోవాలి. చేత్తో వేయడం విసుగనిపిస్తే ఎక్సెల్‌లో A2 గడిలో యూనిట్లు రాసి పక్క గడిలో ఈ ఫార్ములా పెట్టండి, మూడు వరుసలూ ఒకే గడిలోకి రావాలి:

```
=MIN(A2,30)*1.9+MAX(0,MIN(A2,75)-30)*3
 +MAX(0,MIN(A2,125)-75)*4.5+MAX(0,MIN(A2,225)-125)*6
 +MAX(0,MIN(A2,400)-225)*8.75+MAX(0,A2-400)*9.75
```

400 రాస్తే 2548.25 రావాలి. అలా వస్తే ఫార్ములా సరిగ్గా ఎక్కినట్టే. దీనికి తోడు బిల్లులో యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీ ఉంటాయి. సర్దుబాటు మారుతూ ఉంటుంది కాబట్టి మీ బిల్లులో ఎంత ఉందో అదే వేసుకోండి. నేను 40 పైసలు వేసి, రెండూ కలిపి యూనిట్‌కు 46 పైసలు కలిపాను. కిలోవాటుకు రూ. 10 ఉండే ఫిక్స్‌డ్ ఛార్జీ సోలార్ పెట్టినా పోదు, దాన్ని ఆదాలో కలపకండి.

కొందరు ఏజెంట్లు ఏటా టారిఫ్ 5 శాతం పెరుగుతుందని కూడా కలిపి చూపిస్తారు. పైన చెప్పిన స్లాబు రేట్లు 2022-23లో వచ్చాయి, 2025-26 దాకా అవే ఉన్నాయి. సర్దుబాటు ఛార్జీలే పైకీ కిందికీ కదిలాయి. పెరుగుదల మీద ఆశతో లోన్ తీసుకోకూడదని నా అభిప్రాయం. పెరిగితే లాభం, నా లెక్కలో మాత్రం సున్నా.

ఇప్పుడు మీ ఇంటికే 2, 3, 5 కిలోవాట్లు పెట్టి చూద్దాం. ఈమధ్య నా దగ్గరకు వచ్చిన కొటేషన్లలో 2 కిలోవాట్లు రూ. 1,40,000, 3 కిలోవాట్లు రూ. 1,95,000 దగ్గర ఉన్నాయి. పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ముప్ఫై వేల చొప్పున, మూడో దానికి పద్దెనిమిది వేలు. అక్కడితో ఆఖరు. 3 కిలోవాట్లు పెట్టినా 5 పెట్టినా వచ్చేది అదే రూ. 78,000.

2 కిలోవాట్లయితే సబ్సిడీ పోగా చేతి నుంచి పెట్టేది రూ. 80,000. చలికాలంలో నెలకు 230 యూనిట్లు వచ్చి మీ 200కు సరిపోతాయి. వేసవిలో 260 వచ్చి, మీరు కొనాల్సింది 140 మిగులుతుంది. వానాకాలంలో 200 వచ్చి 100 కొనాలి. ఏడాది బిల్లు ఇరవై రెండు వేల నుంచి రూ. 3,700కు దిగుతుంది. అంటే రూ. 18,300 ఆదా. ఖరీదైన పై మెట్లన్నీ ఈ రెండు కిలోవాట్లే కోసేశాయి, గమనించండి.

మూడో కిలోవాటుకు అదనంగా మీరు పెట్టేది రూ. 37,000. అది తీసేది అడుగు మెట్ల మీద మిగిలిన ఆ రూ. 3,700నే. దానికి కొంచెం మిగులు కరెంటు డబ్బు కలుస్తుంది. మిగులుకు రేటు మీ నెట్ మీటరింగ్ ఒప్పందంలో, అంటే గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి పంపిన యూనిట్లు తీసేసి బిల్లు వేసే ఒప్పందంలో ఉంటుంది, సంతకం పెట్టేముందు చదవండి. నేను జాగ్రత్త కోసం రూ. 2 వేసుకున్నాను. అలా చూస్తే మూడో కిలోవాటు ఏడాదికి తెచ్చేది సుమారు రూ. 4,750. మొత్తం 3 కిలోవాట్లకు ఆదా రూ. 23,000, చేతి నుంచి పెట్టేది రూ. 1,17,000.

నాలుగు, ఐదు కిలోవాట్ల దగ్గర కథ పూర్తిగా మారిపోతుంది. వాటికి సబ్సిడీ రూపాయి కూడా లేదు, పెట్టేది అదనంగా రూ. 1,30,000. మీ బిల్లు అప్పటికే సున్నాకు దగ్గరైంది కాబట్టి వాటి నుంచి వచ్చే 2,760 యూనిట్లూ గ్రిడ్‌కే పోతాయి. రూ. 2 చొప్పున ఏడాదికి రూ. 5,500. లక్షా ముప్ఫై వేలు తిరిగి రావడానికి ఇరవై మూడేళ్లకు పైనే. మీ ఒప్పందంలో మిగులు రేటు రూ. 3 ఉన్నా పదిహేనేళ్లు దాటుతుంది. నాలుగేళ్లన్న కొటేషన్‌లో దాగి ఉన్నది ఇదేనండి. మొత్తం సగటు చూపిస్తే ఈ రెండు కిలోవాట్ల నష్టం మొదటి మూడింటి లాభం వెనక దాక్కుంటుంది. అందుకే ఏ సైజు చెప్పినా, చివరి కిలోవాటు దానంతటది ఎన్నాళ్లకు డబ్బు తెస్తుందో విడిగా అడగండి.

వచ్చే ఏడాది మీరు రెండో ఏసీ పెట్టిస్తున్నా, ఎలక్ట్రిక్ కారు కొంటున్నా లెక్క మారుతుంది. అప్పుడు పెరిగే యూనిట్లు పై మెట్టు మీద పడతాయి కాబట్టి నాలుగో కిలోవాటుకు కూడా పని దొరుకుతుంది. నిజంగా కొనబోతుంటేనే వాటిని లెక్కలో వేయండి. వాడకం పెరిగాక ప్యానెళ్లు కలుపుకోవడానికి డాబా మీద చోటు ఉంచుకుంటే సరిపోతుంది.

చుట్టూ కొబ్బరి తోట అన్నారు. కోనసీమలో నేను ఎక్కువ భయపడేది దీనికే. మూడు కిలోవాట్లంటే దాదాపు ఆరు ప్యానెళ్లు, అవన్నీ ఒకే వరుసగా వైరుతో కలిపి ఉంటాయి. ఒక మట్ట నీడ రెండు ప్యానెళ్ల మీద పడితే ఆ ప్యానెళ్లలో నీడపడ్డ భాగాలను బైపాస్ డయోడ్లు పక్కకు తప్పిస్తాయి, వాటి ఉత్పత్తి ఆ కాసేపు పోతుంది. మట్ట నీడ సన్నగానే కనిపిస్తుంది, తగ్గేది మాత్రం నీడ వైశాల్యం కన్నా చాలా ఎక్కువ.

నీడను కంటితో అంచనా వేయకండి, డిసెంబర్ ఎండతో కొలవండి. మన అక్షాంశంలో డిసెంబర్ చివర మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పదిహేను మీటర్ల కొబ్బరి చెట్టు, నాలుగు మీటర్ల డాబా అనుకుంటే, డాబా మీదికి లేచిన చెట్టు పదకొండు మీటర్లు. దాని నీడ మిట్టమధ్యాహ్నం ఉత్తరంగా తొమ్మిది మీటర్ల దాకా పడుతుంది. ఉదయం తొమ్మిదికి దానికి దాదాపు రెట్టింపు, వాయవ్యం వైపు. కాబట్టి దక్షిణం వైపు పది మీటర్లలోపు ఉన్న ప్రతి చెట్టూ అనుమానించాల్సిందే. ఉత్తరం వైపు చెట్లు మధ్యాహ్నం పూట అంత ఇబ్బంది పెట్టవు. డిసెంబర్ దాకా ఆగలేకపోతే, ఏ చెట్టు ఎటువైపు ఎంత దూరంలో ఉందో కొలిచి ఆ ఏజెంట్‌నే నీడ లెక్క వేసి కాగితం మీద ఇమ్మనండి.

నీడ వల్ల 15 శాతం ఉత్పత్తి పోయిందనుకుందాం. మీ 3 కిలోవాట్లకు ఏడాదికి తగ్గే ఆదా రూ. 1,600 దాకా. ప్రాణం మీదికేమీ రాదు, ఎందుకంటే పోయే యూనిట్లలో చాలావరకు చవక మెట్లవీ మిగులువీ. నీడ 30 శాతం దాటితే అక్కడ పెట్టడమే ఆపండి, లేదా డాబాకు ఇంకో మూల చూడండి. నీడ కోసం కాపు కాసే చెట్టును కొట్టించమంటే నాకు మనసు ఒప్పదు. ఆ చెట్టు ఏటా ఇచ్చే కాయల డబ్బు కూడా లెక్కలోకి వస్తుంది.

పల్లెల్లో ఇంకో నష్టం ఉంది, కొటేషన్లలో అసలు కనపడదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో మధ్యాహ్నం సోలార్ కరెంటు గ్రిడ్‌లోకి తోసేటప్పుడు ఓల్టేజీ పెరిగిపోయి ఇన్వర్టర్ ఆగిపోతుంది. తెరమీద Grid Over Voltage లాంటి మాట కనిపిస్తుంది. మంచి ఎండలో, పదకొండు నుంచి రెండింటి మధ్య అది నాలుగైదుసార్లు ఆగి మళ్లీ మొదలవుతుంటే రోజుకు రెండు మూడు యూనిట్లు పోయినట్టే. మీ ఇంట్లో మధ్యాహ్నం ఓల్టేజీ ఎంత ఉంటుందో వారం రోజులు రాసుకోండి. ఇప్పుడే 245 దాటుతుంటే ముందు లైన్‌మన్‌తో మాట్లాడి ఓల్టేజీని సర్దే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ సంగతి, ఇంటికి వచ్చే సర్వీసు వైరు సంగతి చూసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగాలి, అది నియమం. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాక కరెంటు లేని ఇళ్లలో, డాబా మీద ప్యానెళ్లున్నా లైటు వెలగలేదు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ సిస్టమ్ వేరు, దాని ఖరీదూ వేరు, ఈ లెక్క దానికి పనికిరాదు. పవర్ కట్‌లో వెలుతురు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట రాసిమ్మనండి.

ఇక మెయింటెనెన్స్ సున్నా అన్న మాట. పథకం ప్రకారం పెట్టిన సంస్థ ఐదేళ్లు మెయింటెనెన్స్ చూడాలి, నిజమే. అది పాడైతే బాగుచేయడానికి. అద్దాలు తుడవడం సాధారణంగా మన పనే. మన దగ్గర దాళ్వా నూర్పిళ్లప్పుడు ఏప్రిల్‌లో, సార్వా కోతలప్పుడు నవంబర్‌లో పొట్టు, ధూళి దట్టంగా పేరుకుంటుంది. గడ్డి తగలబెడితే మసి కూడా. ఎండాకాలంలో పది పదిహేను రోజులకోసారి కడగకపోతే మంచి నెలల్లోనే ఉత్పత్తి పడిపోతుంది. తెల్లవారుజామునో సాయంత్రమో, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు ఆరాక అద్దం మీద తెల్లటి పొర కడతాయి, అది దుమ్ము కన్నా మొండిది. మేము వాన నీళ్లో కాలవ నీళ్లో పట్టి, మెత్తటి గుడ్డతో తుడుస్తాం.

రెండోది ఉప్పు గాలి. 2019లో మాకు పెట్టినవాళ్లు ఫ్రేముకు సన్నటి జింకు పూత ఉన్న పైపులు వేశారు. అప్పట్లో నేను అడగలేదు. మూడో ఏడాదికి వెల్డింగ్ దగ్గరా బోల్టుల దగ్గరా తుప్పు మొదలైంది. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్‌వి మార్చి, తుప్పు గీకి జింకు పెయింట్ వేయించడానికి రూ. 11,000 అయింది. ఆ ఒక్క ఖర్చుతో మాకు డబ్బు తిరిగొచ్చే గడువు ఆరు నెలలు వెనక్కి జరిగింది. మీరు హాట్ డిప్ గాల్వనైజింగ్, 80 మైక్రాన్ల పూత, స్టెయిన్‌లెస్ బోల్టులు అని కొటేషన్‌లోనే రాయించుకోండి. డాబా మీద వడియాలు పెట్టుకోవడానికో, కొబ్బరి ఆరబెట్టుకోవడానికో ఫ్రేమును మనిషి ఎత్తుకు లేపించాలనుకుంటే అదనపు ఖర్చు ఎంతో, గంటకు 150 కిలోమీటర్ల గాలికి తట్టుకునేలా కట్టారో లేదో అడగండి. ఎత్తు పెరిగితే గాలి పట్టు పెరుగుతుంది. 1996 నవంబర్ తుపాను చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

మూడోది ఇన్వర్టర్. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి, ఏటా అర శాతం నుంచి ముప్పావు శాతం ఉత్పత్తి తగ్గుతూ వస్తుంది. ఇన్వర్టర్ మాత్రం పదేళ్లు, మహా అయితే పన్నెండేళ్లు. 3 కిలోవాట్ల దానికి ముప్ఫై వేలు పక్కన పెట్టుకోవాలి. పదేళ్లకు పంచితే ఏడాదికి మూడు వేలు. తుడవడం, బోల్టులు బిగించడం, ఎర్తింగ్ చూపించడం, ఇంటి బీమాలో ప్యానెళ్లు కలిపించడం, ఇవన్నీ కలిపి ఇంకో మూడు వేలు వేస్తాను. మొత్తం ఏడాదికి ఆరు వేలు. 2 కిలోవాట్లకు ఐదు వేలు, 5 కిలోవాట్లకు ఎనిమిది వేలు.

ఇప్పుడు ఆదాలోంచి ఈ ఖర్చు తీసేసి మళ్లీ భాగిస్తే, 2 కిలోవాట్లకు మిగిలేది ఏడాదికి రూ. 13,300, డబ్బు తిరిగొచ్చేది ఆరేళ్లకు. 3 కిలోవాట్లకు రూ. 17,000, ఏడేళ్లకు కాస్త లోపు. మీ కొటేషన్‌లోని 5 కిలోవాట్లకు మిగులు డబ్బుతో కలిపి రూ. 20,600, అంటే పన్నెండేళ్లు. అప్పటికి ఇన్వర్టర్ మార్చాల్సిన వేళ కూడా వచ్చేస్తుంది.

నేనైతే మీ ఇంటికి 3 కిలోవాట్లు పెడతాను. రెండుతో పోలిస్తే ఏడాది ఆలస్యమైనా, నీడ వల్లో దుమ్ము వల్లో తగ్గేది అందులో ఇమిడిపోతుంది, వేసవిలో ఏసీ కాస్త ఎక్కువ వేసినా బిల్లు పై మెట్టు ఎక్కదు. చేతిలో డబ్బు తక్కువుంటే 2 కిలోవాట్లు కూడా తప్పు కాదు.

లోన్ సంగతి అడిగారు. ఈ పథకం కింద 3 కిలోవాట్ల దాకా బ్యాంకులు తాకట్టు లేకుండా, రెపో రేటుకు అర శాతం కలిపిన వడ్డీకి దగ్గరగా ఇస్తున్నాయి. వడ్డీ 6 శాతం వేసుకుంటే రూ. 1,17,000 మీద మొదటి ఏడాది ఏడు వేలు. మీ నికర ఆదా పదిహేడు వేలు కాబట్టి వడ్డీ పోగా అసలుకు పది వేలు మిగులుతుంది. అలా కడుతూ పోతే అప్పు తీరేది తొమ్మిది, తొమ్మిదిన్నరేళ్లకు. బ్యాంకు వాయిదా పదేళ్లకు పెడితే నెలవారీ కిస్తు ఆదాలోంచే వెళ్తుంది. ఐదేళ్లకు పెడితే నెలకు ఎనిమిది తొమ్మిది వందలు చేతి నుంచి వేయాల్సి వస్తుంది. దానికి సిద్ధమై తీసుకోండి.

సబ్సిడీ విషయంలో ఒక జాగ్రత్త. రూ. 78,000ను ఖరీదులోంచి ముందే తీసేసి చూపిస్తారు గానీ ఆ డబ్బు సిస్టమ్ బిగించి, నెట్ మీటర్ పెట్టి, పోర్టల్‌లో తనిఖీ పూర్తయ్యాక మీ ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం సొమ్ము మీదో బ్యాంకుదో ఉండాలి. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన, డీసీఆర్ అని పిలిచే ప్యానెళ్లకే సబ్సిడీ వస్తుంది. దిగుమతి సెల్స్ ఉన్నవి చవకగా దొరుకుతాయి, వాటితో పెడితే ఆ డబ్బు రాదు. 3 కిలోవాట్ల దగ్గర సబ్సిడీ పోతే పెట్టుబడి రూ. 1,95,000 అవుతుంది, ఏడేళ్లు కాస్తా పదకొండున్నరేళ్లు అవుతుంది. కాబట్టి ప్యానెళ్లు పైకెక్కించే ముందు వెనకున్న సీరియల్ నంబర్లు ఫొటో తీసి డీసీఆర్ సర్టిఫికెట్‌లో నంబర్లతో పోల్చండి. కెపాసిటీ కూడా చూడండి. ప్యానెళ్లు, ఇన్వర్టర్ రెండింట్లో ఏది తక్కువుంటే సబ్సిడీకి దాన్నే లెక్కవేస్తారు. 3.2 కిలోవాట్ల ప్యానెళ్లకు 2.5 ఇన్వర్టర్ పెడితే డబ్బు తగ్గుతుంది.

ఆ కొటేషన్‌లో జీఎస్టీ ఎంత వేశారో కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పని మీద 18 శాతం అలాగే ఉండి, ఖరీదులో 70 శాతం పరికరాలు, 30 శాతం పనిగా పంచే పద్ధతిలో మొత్తం మీద పన్ను 13.8 నుంచి 8.9 శాతానికి వచ్చింది. పాత పన్నుతో వేసిన రూ. 3,25,000 అయితే అందులో పద్నాలుగు వేల దాకా తగ్గాలి.

దరఖాస్తు పెట్టేముందు మీటరు ఎవరి పేరున ఉందో బిల్లు మీద చూడండి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు మీటరు ఇంకా చనిపోయిన తాతగారి పేరునే ఉంటుంది. సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు, కనెక్షన్ పేరు కలవకపోతే అక్కడ నెలల తరబడి ఆగిపోతుంది. మీ నాన్నగారి పేరుకు మార్పించే పని ముందు పూర్తి చేసుకోండి. ఈలోగా పన్నెండు నెలల బిల్లుల్లోని యూనిట్లు, డాబా కొలత, దక్షిణం వైపు చెట్ల దూరాలు ఇక్కడ రాస్తే, నెలవారీగా లెక్క నేను వేసి పెడతాను.